అంబులెన్స్ సైరన్ శ్రుతి అసలు ఎక్కడ తగ్గుతుంది?

(హైదరాబాద్, చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందుగా మీ అందరినీ ఒక ప్రశ్న అడుగుతాను. రోడ్డు పక్కన నిలబడ్డారు. దూరం నుంచి 108 వస్తోంది. మీ ముందు నుంచి దూసుకుపోయింది. సైరన్ శ్రుతి ఎలా మారింది? దగ్గరికి వస్తున్నకొద్దీ పెరుగుతూ వచ్చి, దాటిపోయాక తగ్గుతూ పోతుంది అని అనుకునేవాళ్లు చేతులెత్తండి.

దాదాపు అందరూ ఎత్తారు. మా క్లాసులో పిల్లల్ని అడిగినా ఇదే జవాబు వస్తుంది. ఇందులో సగమే నిజం. తగ్గడం నిజం. పెరగడం మాత్రం ఎక్కడా జరగదు. అంబులెన్స్ అల్లంత దూరంలో ఉన్నప్పుడే శ్రుతి అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. అక్కడి నుంచి అది తగ్గడమే తప్ప ఒక్క క్షణం కూడా పెరగదు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే. ఎందుకలా జరుగుతుందో, మరి మన చెవికి పెరిగినట్టు ఎందుకు వినిపిస్తుందో నిదానంగా చూద్దాం.

సైరన్ హారన్‌లో ఒక పల్చటి పొర ముందుకీ వెనక్కీ కదులుతూ ఉంటుంది. ముందుకొచ్చినప్పుడు ఎదురుగా ఉన్న గాలిని ఒత్తుతుంది, వెనక్కి వెళ్లినప్పుడు గాలి పల్చబడుతుంది. స్కూల్లో సంపీడనం, విరళీకరణం అని చదువుకున్నాం కదా, అవే ఇవి. ఈ ఒత్తిడి ఒకదాని వెనక ఒకటిగా గాలిలో ప్రయాణించి మన చెవి దాకా వస్తుంది. సెకనుకి ఎన్ని సంపీడనాలు చెవిని తాకితే అంత శ్రుతి. ఎక్కువ తాకితే కీచుగా, తక్కువ తాకితే బొంగురుగా వినిపిస్తుంది.

లెక్క సులువుగా ఉండడానికి సైరన్ ఒకే స్వరం మోగిస్తోందనుకుందాం. సెకనుకి 1000 సంపీడనాలు, అంటే 1000 హెర్ట్జ్. కాలం జనవరి, రాత్రి పూట, 15 డిగ్రీలు. మన హైదరాబాద్‌కి అది బాగా చలి. ఆ చలిలో ధ్వని సెకనుకి 340 మీటర్లు పోతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో అయితే ఇంకో 16, 17 మీటర్లు ఎక్కువ పోతుంది. వేడి గాలిలో ధ్వని వేగంగా వెళ్తుంది.

అంబులెన్స్ ఆగి ఉంటే సెకనులో బయల్దేరిన 1000 సంపీడనాలు 340 మీటర్ల పొడవునా సమానంగా పరుచుకుంటాయి. అంటే రెండిటి మధ్య ఎడం 34 సెంటీమీటర్లు. ఇదే తరంగదైర్ఘ్యం. ఆగి ఉన్న బండి చుట్టూ ఏ వైపు కొలిచినా అంతే ఉంటుంది.

ఇప్పుడు బండిని కదిలిద్దాం. గంటకి 72 కిలోమీటర్లు, అంటే సెకనుకి 20 మీటర్లు. రాత్రి పూట ఖాళీ రోడ్డు మీద అంబులెన్స్‌కి అది మామూలు వేగమే. రెండు సంపీడనాల మధ్య కాలం సెకనులో వెయ్యో వంతు. ఆ కాస్త సమయంలో మొదటి సంపీడనం 34 సెంటీమీటర్లు ముందుకు పోయింది. ఈలోపు బండి కూడా 2 సెంటీమీటర్లు ముందుకు జరిగింది. రెండో సంపీడనం అక్కడి నుంచి బయల్దేరుతుంది. కాబట్టి ముందు వైపు ఎడం 34 కాదు, 32 సెంటీమీటర్లు. వెనక వైపు చూస్తే, మొదటిది వెనక్కి 34 పోయింది, బండేమో ఎదర వైపుకి 2 జరిగింది. అక్కడ ఎడం 36.

బోర్డు మీద గీస్తున్నాను చూడండి. ఇది మొదటి వలయం. రెండోదాని కేంద్రం కాస్త కుడికి. మూడోది ఇంకాస్త కుడికి. కుడి వైపు వలయాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, ఎడమ వైపు ఎడంగా ఉన్నాయి. ఇంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడతారు. బండి వేగం ధ్వనికి కూడా కలుస్తుందని, అందుకే ముందుకు వచ్చే ధ్వని వేగంగా వస్తుందని అనుకుంటారు. నడుస్తున్న బస్సులోంచి ముందుకి బంతి విసిరితే బస్సు వేగం బంతికి కలుస్తుంది. ధ్వనికి అలా కలవదు. సైరన్‌ని వదిలిన మరుక్షణం నుంచి ఆ ఒత్తిడి గాలి సొత్తు. గాలి దాన్ని సెకనుకి 340 మీటర్ల వేగంతోనే మోస్తుంది, ముందుకైనా, వెనక్కైనా. మారింది ఎడం మాత్రమే. వేగం మారలేదు.

వేగం అదే, ఎడం 32 సెంటీమీటర్లు. అప్పుడు సెకనుకి ఎన్ని తాకుతాయి? 340 మీటర్లని 32 సెంటీమీటర్లతో భాగించండి: 1062. వెనక వైపున్నవాళ్లకి 36తో భాగించండి: 944. అంటే బండి వచ్చేటప్పుడు 1062, పోయేటప్పుడు 944. డ్రైవర్ సైరన్ స్విచ్ ముట్టుకోలేదు, అది మొదటి నుంచీ 1000 దగ్గరే మోగుతోంది.

సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. ఈ రెండిటి నిష్పత్తి 36కి 32, అంటే 9కి 8. చతుశ్రుతి రిషభానికీ షడ్జమానికీ ఉండే నిష్పత్తి అదే. చలి రాత్రి, 72 వేగంతో పోయే అంబులెన్స్ మీ ముందు ‘రి’ నుంచి ‘స’ కి దిగుతుందన్నమాట. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని పోల్చి చూసుకోవచ్చు.

సరే, అయితే 1062 నుంచి 944కి ఎలా దిగుతుంది? ఒక్కసారిగానా, మెల్లగానా? మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

మీరు ఫుట్‌పాత్ మీద ఉన్నారు. అంబులెన్స్ పోయే లేన్ మీకు 10 మీటర్ల దూరంలో ఉంది. బండి ఇంకా 100 మీటర్ల అవతల ఉన్నప్పుడు చూడండి. రోడ్డు వెంట అది 20 మీటర్లు ముందుకొస్తే మీకూ దానికీ మధ్య దూరం కూడా దాదాపు 20 మీటర్లే తగ్గుతుంది. దాని వేగమంతా మీ వైపుకే అని చెప్పొచ్చు. అందుకే శ్రుతి పూర్తిగా పైన, 1062 దగ్గర ఉంటుంది. మీ సమీపానికి వచ్చేశాక పరిస్థితి వేరు. బండి ఇంకా 10 మీటర్లు వస్తే మీకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది అనుకోండి. ఇప్పుడు ఏటవాలుగా కొలిస్తే మీకూ బండికీ మధ్య 14 మీటర్లు. ఎదురుగా వచ్చేసరికి 10 మీటర్లు. బండేమో 10 మీటర్లు కదిలింది, మీకు దగ్గరైంది మాత్రం 4 మీటర్లే. మిగతా వేగమంతా మీకు అడ్డంగా ఖర్చయిపోతోంది. అడ్డంగా పోయే వేగం తరంగాల్ని మీ వైపుకి దగ్గర చెయ్యదు.

కాబట్టి ఏం జరుగుతుంది? దూరంలో 1062. మీకు ఎదురుగా రావడానికి ఇంకా 10 మీటర్లు ఉందనగా 1043. మీకు సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు వెలువడిన ధ్వని మీకు 1000గానే వినిపిస్తుంది, అసలు సైరన్ స్వరం అదే. 10 మీటర్లు దాటాక 960. దూరం పోయాక 944. ఈ వరుసలో ఎక్కడైనా పెరిగిందా? లేదు. బండి దగ్గరికి వచ్చేకొద్దీ శ్రుతి తగ్గడం మొదలుపెట్టింది, పక్కకి వచ్చేసరికి సగం తగ్గిపోయింది.

1043 నుంచి 960కి దిగడానికి పట్టిన సమయం ఎంతంటే, బండి 20 మీటర్లు నడిచిన ఒక్క సెకను. మొత్తం తగ్గుదలలో 70 శాతం ఆ ఒక్క సెకనులోనే అయిపోయింది. అందుకే అది మనకి ‘య్యోం’ అని జారినట్టు వినిపిస్తుంది. ఇదే అంబులెన్స్‌ని మీరు రోడ్డుకి 60 మీటర్ల దూరంలో ఉన్న అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి వింటే అదే దిగుడికి ఆరు సెకన్లు పడుతుంది. మొదటా చివరా శ్రుతులు అవే, 1062, 944. కానీ దిగడం నిదానంగా ఉంటుంది కాబట్టి చాలామంది అసలు గమనించరు. బాల్కనీలో ఇంకో చిన్న తేడా ఉంది. ధ్వని 60 మీటర్లు రావడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. అందుకని మీరు ఆ 1000 స్వరం వినేసరికి కళ్లకి బండి ఎదురుగా కాదు, మూడు నాలుగు మీటర్లు ముందుకెళ్లి కనిపిస్తుంది.

మరి ఇందాక అన్ని చేతులు ఎందుకు లేచాయి? మీ చెవులు బాగా లేక కాదు. బండి 100 మీటర్ల నుంచి 10 మీటర్లకి వచ్చేసరికి మన దగ్గర దాని ధ్వని తీవ్రత 100 రెట్లవుతుంది. శబ్దం అంత వేగంగా పెద్దదైతే మన మెదడు దాన్ని శ్రుతి పెరిగినట్టుగా కూడా లెక్కేస్తుంది. జాన్ న్యూహాఫ్, మైకేల్ మెక్‌బీత్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1996లో దీన్ని ప్రయోగం చేసి చూపించారు. శబ్దం పెద్దదవుతూ శ్రుతి తగ్గుతున్నా, విన్నవాళ్లు శ్రుతి పెరిగిందనే చెప్పారు. దీన్ని డాప్లర్ భ్రమ అంటారు. చాలా పుస్తకాల్లో కూడా ‘దగ్గరయ్యేకొద్దీ శ్రుతి పెరుగును’ అని రాస్తుంటారు. ‘దగ్గరవుతున్నప్పుడు శ్రుతి అసలు దానికంటే ఎక్కువగా ఉంటుంది’ అని రాస్తే సరిపోతుంది. ఎక్కువగా ఉండడం వేరు, పెరుగుతూ ఉండడం వేరు. పిల్లలకి పాఠం చెప్పేవాళ్లు ఈ ఒక్క మాట దిద్దుకోవాలని నా మనవి.

డాప్లర్ పేరు వచ్చింది కాబట్టి ఆయన గురించి రెండు ముక్కలు. క్రిస్టియన్ డాప్లర్ ఆస్ట్రియా దేశస్థుడు. 1842లో ప్రాగ్‌లో ఈ సిద్ధాంతం చెప్పాడు. ఆయన ఆలోచించింది సైరన్ గురించి కాదు, జంట నక్షత్రాల రంగుల గురించి. నక్షత్రాల రంగులకి వాటి కదలికే కారణమని ఆయన అన్నది తప్పని తర్వాత తేలింది, కానీ తరంగాల లెక్క మాత్రం నిలబడింది. దాన్ని ధ్వనితో పరీక్షించినవాడు బైస్ బాలెట్ అనే డచ్చి శాస్త్రవేత్త. 1845లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ దగ్గర రైలింజన్‌తో లాగే బండి మీద బూరలు ఊదేవాళ్లని ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్న సంగీతకారుల్ని నిలబెట్టి, విన్న స్వరాల్ని రాయించాడు. ఫిబ్రవరిలో మొదలుపెడితే చలి, మంచు వల్ల కుదరలేదు. మళ్లీ జూన్‌లో చేశాడు. శ్రుతిని కొలిచే యంత్రాలు లేని రోజుల్లో మనిషి చెవినే కొలబద్దగా పెట్టి నిరూపించిన ప్రయోగం అది. నాకు ఎంతో ఇష్టమైనది.

ఇక మన ఊరికి వద్దాం. ఇవాళ ఇంటికెళ్లేటప్పుడు మీరు దీన్ని విని చూడాలనుకుంటే ఒక చిక్కు ఉంది. నేను లెక్క కోసం సైరన్ ఒకే స్వరం మోగిస్తుందన్నాను. నిజం సైరన్ అలా ఉండదు. ‘ఊఁ...’ అని నిదానంగా ఎక్కి దిగే రకం ఒకటి, ‘కుయ్ కుయ్ కుయ్’ అని సెకనుకి రెండు మూడు సార్లు ఎక్కి దిగే రకం ఇంకొకటి. సుమారుగా 500 నుంచి 1500 హెర్ట్జ్ దాకా అది తనంతట తానే తిరుగుతూ ఉంటుంది. దాని ముందు మన 12 శాతం మార్పు ఎంత? అందుకే సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న అంబులెన్స్ సైరన్ దిగడం విని ‘అదిగో డాప్లర్’ అనుకునేవాళ్లు ఉన్నారు. అది డాప్లర్ కాదు, సైరన్ పాటే అంత.

రెండిటినీ వేరు చెయ్యడం ఎలా? సైరన్ ఎక్కినప్పుడు అది చేరే శిఖరాన్ని మాత్రమే పట్టుకోండి. మధ్యలో ఏం చేస్తోందో వదిలెయ్యండి. వచ్చేటప్పటి శిఖరం ఏ స్వరం దగ్గర ఉందో నోట్లో అనుకోండి, దాటిపోయాక శిఖరం ఏ స్వరం దగ్గర ఉందో చూడండి. కిందికి వచ్చి ఉంటే అది కదలిక వల్ల వచ్చిన మార్పు. ఇంకో గుర్తు కూడా ఉంది. తరంగాల మధ్య ఎడం తగ్గినట్టే, ఒక శిఖరానికీ ఇంకో శిఖరానికీ మధ్య కాలం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. సైరన్ 5 సెకన్లకోసారి ఎక్కి దిగుతుంటే, వచ్చేటప్పుడు మనకది 4.7 సెకన్లు, పోయేటప్పుడు 5.3 సెకన్లు. పోయే సైరన్ కాస్త నీరసంగా పాడుతున్నట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం.

ట్రాఫిక్ సంగతి కూడా చెప్పాలి. సాయంత్రం పంజాగుట్ట దగ్గర అంబులెన్స్ జనం మధ్యలోంచి గంటకి పది, పదకొండు కిలోమీటర్ల వేగంతో పాక్కుంటూ పోతుంది. సెకనుకి 3 మీటర్లు. అప్పుడు వచ్చే శ్రుతికీ పోయే శ్రుతికీ తేడా 2 శాతం లోపే. ఒక స్వరస్థానంలో మూడో వంతు. అది కూడా తనంతట తాను ఎక్కి దిగే సైరన్‌లో! ఎంత చెవి ఉన్నవాళ్లయినా పట్టుకోవడం కష్టం. వినాలంటే రాత్రి వేళ, ఖాళీ రోడ్డు పక్కన ఫుట్‌పాత్ మీద వినాలి.

పెద్ద భవనాల మధ్య ఇంకో చిత్రం జరుగుతుంది. అంబులెన్స్ మిమ్మల్ని దాటి పోయింది, దాని ముందు రోడ్డు మలుపులో ఎత్తైన గాజు భవనం ఉంది. బండి ముందుకి పంపిన దగ్గరి దగ్గరి తరంగాలు ఆ గోడకి తగిలి వెనక్కి మీ వైపుకి వస్తాయి. గోడ కదలదు కాబట్టి శ్రుతి మార్చదు, 1062గానే తిప్పి పంపుతుంది. అంటే మీకు నేరుగా 944, గోడ నుంచి 1062, రెండూ కలిసి వినిపిస్తాయి. ‘దాటిపోయాక కూడా తగ్గలేదేంటి’ అని మనకి అయోమయం కలిగేది ఇలాంటి చోట్లే. ఫోన్‌లో శబ్దాన్ని గీతలుగా చూపించే యాప్‌లో రికార్డు చేస్తే ఒక గీత బదులు రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి బలంగా, ఒకటి పల్చగా ఉంటుంది.

యాప్ ఉంటే ఒక పని చెయ్యొచ్చు. బండి వేగం కనుక్కోవచ్చు, సైరన్ అసలు స్వరం తెలియకపోయినా సరే. వచ్చేటప్పటి శిఖరం f1, పోయేటప్పటి శిఖరం f2, ధ్వని వేగం c అయితే:

v = c × (f1 − f2) / (f1 + f2)

వచ్చేటప్పుడు 1575, పోయేటప్పుడు 1425 వచ్చిందనుకోండి. తేడా 150, మొత్తం 3000. 340ని ఇరవైతో భాగిస్తే 17. సెకనుకి 17 మీటర్లు, అంటే గంటకి 61 కిలోమీటర్లు. కొలతలు మాత్రం బండి బాగా దూరంలో ఉన్నప్పటివే తీసుకోవాలి. పక్కకి వచ్చాక తీసుకుంటే, ఇందాక చూశాం కదా, వేగంలో కొంత భాగమే మన వైపుకి ఉంటుంది, జవాబు తక్కువ వస్తుంది.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ... చెప్పమ్మా. ‘సార్, మనం బండి మీద వెళ్తూ ఆగి ఉన్న సైరన్‌ని దాటితే కూడా ఇలాగే ఉంటుందా?’ ఉంటుంది, కానీ కారణం కాస్త వేరు. ఆగి ఉన్న సైరన్ చుట్టూ ఎడం అన్ని వైపులా 34 సెంటీమీటర్లే. నువ్వు ఎదురెళ్తున్నావు కాబట్టి సెకనుకి ఎక్కువ సంపీడనాల్ని కలుసుకుంటావు. స్కూటీ సెకనుకి 15 మీటర్ల వేగంతో పోతుంటే ఎదురెళ్లేటప్పుడు 1044, దాటాక 956. అంబులెన్స్ వెనకాలే, అదే వేగంతో నువ్వూ వెళ్తున్నావనుకో, రెండు మార్పులూ సరిగ్గా కొట్టేసుకుంటాయి. నీకు 1000 హెర్ట్జే వినిపిస్తుంది. అలా అని అంబులెన్స్ వెనక బండి పోనివ్వకూడదమ్మా, ప్రమాదం.

పెద్దాయన అడుగుతున్నారు: ‘లోపల పేషెంట్ పక్కన కూర్చున్నవాళ్లకి?’ చాలా మంచి ప్రశ్నండీ. సైరన్‌కీ వాళ్లకీ మధ్య దూరం మారదు కాబట్టి నేరుగా వచ్చే శ్రుతి మారదు. దారి పొడవునా ఒకే 1000. కానీ ఇందాకటి గాజు భవనం నుంచి తిరిగి వచ్చే ధ్వని సంగతి వేరు. గోడకి తగిలేది 1062. అది వెనక్కి వస్తుంటే బండి దానికి ఎదురెళ్తోంది. అందువల్ల శ్రుతి రెండోసారి పెరిగి 1125 అవుతుంది. 1125కి 1000, మళ్లీ 9కి 8. నెత్తి మీద సైరన్ ‘స’ మోగుతుంటే, ముందున్న గోడ ‘రి’ పలుకుతోందన్నమాట. సైరన్ హోరులో లోపలివాళ్ల చెవికి అది అందదు. బండి ముందు మైకు పెట్టి రికార్డు చేస్తే గీతల్లో 1000 పైన సన్నగా 1125 కనిపిస్తుంది. గోడ రోడ్డుకి సరిగ్గా ఎదురుగా ఉండాలి, పక్కన ఉన్న గోడలకి ఇంత మార్పు రాదు.